వదిలేసిన ఆప్షన్, వచ్చిపడిన షేర్లు

నెలలో చివరి మంగళవారం. మధ్యాహ్నం మూడున్నరకు నేషనల్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో ఆ నెల స్టాక్ ఆప్షన్ల ట్రేడింగ్ ముగుస్తుంది. పొద్దున 3 రూపాయలకు కొన్న కాల్ ఆప్షన్ ఒకటి ఖాతాలో అలాగే ఉంది. కొన్నవాడు మధ్యలో ఒకటి రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. "పోతే పదిహేను వందలు, అంతేగా" అనుకుని పనిలో పడ్డాడు. మర్నాడు బ్రోకర్ నుంచి మెయిల్ వచ్చింది. ఖాతాలో 7 లక్షల రూపాయలు జమ చేయాలట, 500 షేర్లు కొన్నట్టు లెక్క తేలిందట.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. అయితే ఇందులోని ప్రతి మెట్టూ నిబంధనల పుస్తకంలో ఉన్నదే. ఆప్షన్ కొన్నవాడికి పోయేది ప్రీమియం మాత్రమేనని అందరూ మొదటి పాఠంగా నేర్చుకుంటారు. ఆ మాట ఎక్స్‌పైరీకి ముందు అమ్మేసుకున్నవాడి విషయంలో నిజం. కంపెనీ షేర్ల మీద తీసుకున్న ఆప్షన్‌ను ఎక్స్‌పైరీ దాకా ముట్టుకోకుండా వదిలేసినవాడి విషయంలో నిజం కాదు.

ఆప్షన్ అంటే స్థూలంగా బయానా లాంటిది. ఒక ధరకు, ఒక తేదీలోగా కొనుక్కునే హక్కు కోసం ముందుగా కొంత చెల్లిస్తాం. ఇష్టం లేకపోతే బయానా వదులుకుని పోవచ్చు. మన దేశంలో స్టాక్ ఆప్షన్లకు మాత్రం చివరి రోజు ఈ పోలిక తిరగబడుతుంది. రేటు మనకు ఒక్క రూపాయి అనుకూలంగా ఉన్నా సరే, మనల్ని అడగకుండానే రిజిస్ట్రేషన్ జరిగిపోతుంది, మిగతా సొమ్ము కట్టాల్సిందే.

మన దేశంలో ఈ నియమం మొదటి నుంచీ లేదు. చాలాకాలం స్టాక్ ఆప్షన్లలోనూ తేడా సొమ్మే చేతులు మారేది. 1400 స్ట్రైక్ కాల్ ఉండగా షేరు 1410 దగ్గర ముగిస్తే, లాట్‌లో ఉన్న ఒక్కో షేరుకు 10 రూపాయల చొప్పున ఖాతాలో పడేది, కథ అక్కడితో సరి. 2018 ఏప్రిల్‌లో సెబీ ఈ పద్ధతి మార్చాలని ఆదేశించింది. డెరివేటివ్స్‌లో జరిగే పందేలకూ అసలు షేర్ల మార్కెట్‌కూ మధ్య లంకె ఉండాలన్నది దాని ఉద్దేశం. దశలవారీగా ఒక్కో కంపెనీని చేర్చుకుంటూ వచ్చి, 2019 అక్టోబర్ ఎక్స్‌పైరీ నుంచి స్టాక్ ఫ్యూచర్లు, స్టాక్ ఆప్షన్లు అన్నిటికీ షేర్ల డెలివరీని తప్పనిసరి చేశారు. నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ లాంటి సూచీల ఆప్షన్లు దీని కిందికి రావు. సూచీని సంచిలో వేసి ఇవ్వడం కుదరదు కాబట్టి అక్కడ ఇప్పటికీ తేడా సొమ్మే. నిఫ్టీ ఆప్షన్లతో చేయి తిరిగినవాళ్లు మొదటిసారి స్టాక్ ఆప్షన్ ముట్టుకున్నప్పుడు బోల్తా పడేది సరిగ్గా ఈ తేడా దగ్గరే.

మళ్ళీ మన ఉదాహరణకే వద్దాం. కంపెనీ లాట్ 500 షేర్లు. స్ట్రైక్ 1400. అంటే ఈ కాంట్రాక్టు వెనక ఉన్న అసలు విలువ 7 లక్షలు. మన ట్రేడర్ పెట్టింది షేరుకు 3 రూపాయల చొప్పున 1,500. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం మూడింటి నుంచి మూడూ ఇరవై దాకా షేరు 1405 అటూ ఇటూగా ఆడింది. ఆఖరి పది నిమిషాల్లో జారి, మూడున్నరకు తెర మీద కనిపించిన చివరి ధర 1396. ఇక కాల్‌కు విలువ లేదనే ఎవరైనా అనుకుంటారు.

కానీ సెటిల్‌మెంట్‌కు లెక్కలోకి వచ్చేది ఆ చివరి ధర కాదు. ఏళ్లుగా నడిచిన పద్ధతిలో, షేరు ముగింపు ధర అంటే ఆఖరి అరగంటలో జరిగిన లావాదేవీల సగటు. అదీ ఎన్ని షేర్లు ఏ ధరకు చేతులు మారాయో చూసి తీసిన సగటు. ఆ అరగంటలో ఎక్కువ షేర్లు 1405 దగ్గర మారి ఉంటే సగటు 1402 అని తేలవచ్చు. 1402 అంటే 1400 కన్నా పైన. కాల్ ఇన్ ద మనీ అయింది. క్లియరింగ్ కార్పొరేషన్ వ్యవస్థ దాన్ని తనంతట తానే అమలు చేస్తుంది. ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరూ ఏ బటనూ నొక్కనక్కర్లేదు.

ఈ సగటు మాయను ముందే పసిగట్టే గుర్తు ఒకటుంది. షేరు 1396కి పడిపోయినా, మూడూ ఇరవై అయిదు ప్రాంతంలో 1400 కాల్ ధర ఇంకా రూపాయో రెండు రూపాయలో పలుకుతోందంటే, మార్కెట్‌లో ఎవరో సగటు లెక్క కట్టుకుంటూ కూర్చున్నారన్నమాట. చచ్చిపోవాల్సిన ఆప్షన్ చావకపోతే అది ఎవరో పొరపాటున పెట్టిన రేటు అనుకోకూడదు. ఆ రూపాయికి అమ్మి బయటపడేందుకు అదే ఆఖరి అవకాశం.

అమ్మలేదు. ఇక ఏం జరుగుతుంది? లెక్కలో కాల్ విలువ షేరుకు 2 రూపాయలు, మొత్తం 1,000. పెట్టిన 1,500లో 500 పోయినట్టు కనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. 500 షేర్లు 1400 చొప్పున కొనే బాధ్యత అతని ఖాతా మీద పడింది. 7 లక్షలు ఉండాలి. లేకపోతే ఖాతా మైనస్‌లోకి పోతుంది, ఆ బాకీకి వడ్డీ నడుస్తుంది, బ్రోకర్ తన నిబంధనల ప్రకారం షేర్లు అమ్మి బాకీ తీర్చుకుంటాడు. ఈలోగా షేరు ధర ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ లేదు. మర్నాడు పొద్దున ఏదో చెడు వార్తకు షేరు 1370 దగ్గర మొదలైతే, ఒక్కో షేరుకు 30 రూపాయల నష్టం, మొత్తం 15,000. ప్రీమియం 1,500 కూడా కలిపితే 16,500. పైగా డెలివరీకి వర్తించే ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీ ఉంటాయి. ఫిజికల్ సెటిల్‌మెంట్‌కు విడిగా కమిషన్ తీసుకునే బ్రోకర్లూ ఉన్నారు. అది పావు శాతమైతే 7 లక్షల మీద 1,750 రూపాయలు. అంటే కొన్న ఆప్షన్ ఖరీదు కంటే దాన్ని డెలివరీకి పంపిన కమిషనే ఎక్కువ.

పదిహేను వందలతో మొదలైన వ్యవహారం ఇది.

పుట్ కొన్నవాడి పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. కాల్ విషయంలో డబ్బు కావాలి. డబ్బు ఎక్కడో ఒకచోట పుడుతుంది. పుట్ విషయంలో కావాల్సింది షేర్లు. అదే కంపెనీ 1400 పుట్‌ను ఎక్స్‌పైరీ రోజు 2 రూపాయల చొప్పున, అంటే 1,000 రూపాయలకు కొన్నాడనుకుందాం. ముగింపు సగటు 1397. పుట్ 3 రూపాయల మేర ఇన్ ద మనీ, కాగితం మీద 500 లాభం. అయితే 500 షేర్లను 1400 చొప్పున అప్పగించాలి. డీమ్యాట్‌లో ఆ షేర్లు లేవు. ఎక్స్‌పైరీ రోజు మార్కెట్ నడుస్తుండగానే కొని ఉంటే, ఆ షేర్లు సమయానికి చేతికొచ్చేవి, లెక్క సరిపోయేది. పుట్ ఇన్ ద మనీ అయిందని మూడున్నర తర్వాత తెలిస్తే మాత్రం ఆలస్యమైపోయినట్టే. మర్నాడు కొన్న షేరు అప్పగింత గడువుకు అందదు.

షేర్లు ఇవ్వలేకపోతే ఎక్స్చేంజ్ వేలం పెట్టి వాటిని కొంటుంది. ఆ వేలంలో పలికే ధర మార్కెట్ ధర కంటే ఎక్కువగానే ఉండవచ్చు. అమ్మేవాళ్లే దొరకకపోతే నిబంధనల ప్రకారం జరిమానాతో కూడిన ధర కట్టి డబ్బు రూపంలో తేలుస్తారు. ఈ రెంటి ఖర్చూ షేర్లు ఇవ్వనివాడిదే. వేలంలో 1440 పలికిందనుకోండి. అతనికి రావాల్సింది షేరుకు 1400, పోయింది 1440. నష్టం 20,000, దానికి తోడు ప్రీమియం 1,000. షేరు పడుతుందని పందెం కాసి, పడితే గెలిచి, గెలిచినందుకే నష్టపోవడమంటే ఇదే.

ఇలాంటిది నిజంగానే జరిగింది. 2021 డిసెంబర్ 30 ఎక్స్‌పైరీలో హిందాల్కో 470 స్ట్రైక్ పుట్లు కొందరు చిన్న ట్రేడర్లను ముంచాయి. విలువ లేకుండా ముగుస్తాయని వదిలేసిన పుట్లు చివరికి ఇన్ ద మనీగా తేలడంతో, చేతిలో లేని షేర్లను అప్పగించాల్సిన పరిస్థితి వాళ్లకు ఎదురైంది. అంతకు ముందు 'డూ నాట్ ఎక్సర్‌సైజ్' అనే సౌకర్యం ఉండేది. స్ట్రైక్‌కు దగ్గరగా ముగిసిన ఆప్షన్‌ను అమలు చేయవద్దని బ్రోకర్ ద్వారా చెప్పుకునే వీలన్నమాట. దాన్ని ఆ ఏడాది అక్టోబర్‌లోనే తీసేశారు. హిందాల్కో ఉదంతం తర్వాత గొడవ రేగితే 2022లో తిరిగి తెచ్చారు. 2023 మార్చి 30 ఎక్స్‌పైరీ నుంచి మళ్ళీ తీసేశారు. అప్పటి నుంచి, ఎంత తక్కువ తేడాతో ఇన్ ద మనీ అయినా, వద్దని చెప్పే దారి లేదు.

ఇలా ఎవరూ ఊహించని బాధ్యత వచ్చిపడకుండా ఎక్స్చేంజ్ ముందు నుంచే హెచ్చరిక లాంటి ఏర్పాటు ఒకటి చేసింది. ఇన్ ద మనీలో ఉన్న ఆప్షన్ కొన్నవాళ్ల దగ్గర కూడా ఎక్స్‌పైరీకి నాలుగు ట్రేడింగ్ రోజుల ముందు నుంచి డెలివరీ మార్జిన్ వసూలు చేస్తారు. ఆ షేరును నగదు మార్కెట్‌లో కొంటే వర్తించే మార్జిన్‌లో మొదట 10 శాతం, తర్వాత 25, 45, 70 శాతంగా అది పెరుగుతూ పోతుంది. ఆప్షన్ కొన్నవాడికి మార్జిన్ ఎందుకని చాలామంది కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేది ఆ వారంలోనే. జవాబు ఒక్కటే: ఇది ఇక ఆప్షన్ కాదు, రాబోయే షేర్ల కొనుగోలుగా దాన్ని చూస్తున్నారు. మార్జిన్ కట్టకపోతే బ్రోకర్ పొజిషన్‌ను మూసేయవచ్చు. కొందరు బ్రోకర్లు ఎక్స్‌పైరీ రోజు స్టాక్ ఆప్షన్లలో కొత్త కొనుగోళ్లే ఆపేస్తారు. ఎక్స్‌పైరీ రోజు పొద్దున ఔట్ ఆఫ్ ద మనీలో ఉండి మధ్యాహ్నానికి ఇన్ ద మనీలోకి వచ్చిన ఆప్షన్‌కు మాత్రం ఈ ముందస్తు హెచ్చరికేదీ ఉండదు. మన రెండు ఉదాహరణలూ ఆ కోవలోవే.

స్ప్రెడ్ వేసినవాళ్లు తమకు ఈ బెడద లేదనుకుంటారు. 1400 కాల్ కొని, 1420 కాల్ అమ్మితే గరిష్ఠ నష్టమెంతో ముందే తెలుసు కదా అని. షేరు 1430 దగ్గర ముగిస్తే నిజంగానే బెడద లేదు. ఒక చేత్తో 500 షేర్లు కొనాలి, మరో చేత్తో 500 షేర్లు ఇవ్వాలి. రెండూ రద్దై, షేరుకు 20 రూపాయల తేడా మాత్రం మిగులుతుంది. 1390 దగ్గర ముగిసినా చింత లేదు, రెండూ చచ్చిపోతాయి. చిక్కంతా 1410లో ఉంది. కొన్న 1400 కాల్ అమలవుతుంది, అమ్మిన 1420 కాల్ విలువ లేకుండా ముగుస్తుంది. కవచం అనుకున్నది మాయమై, 7 లక్షల షేర్ల కొనుగోలు ఒంటరిగా మిగులుతుంది. రెండు స్ట్రైక్‌ల మధ్య షేరు నిలబడిన ప్రతి ఎక్స్‌పైరీలోనూ స్ప్రెడ్‌కు జరిగేది ఇదే.

మరి చాలా లోతుగా ఇన్ ద మనీలో ఉన్న ఆప్షన్ సంగతి? షేరు 1400 దగ్గర ఉండగా ఎవరి దగ్గరో 1300 కాల్ ఉందనుకుందాం. దానికి వంద రూపాయల విలువ ఉండాలి. ఎక్స్‌పైరీ మధ్యాహ్నం తెర మీద కొనేవాడి రేటు 96 మాత్రమే కనిపిస్తుంది, అదీ ఒకటి రెండు లాట్లకు. ఎందుకంటే కొనేవాడు డెలివరీ తలనొప్పిని కూడా కొంటున్నాడు. దానికి తగ్గింపు అడుగుతాడు. ఆ నాలుగు రూపాయలు వదులుకోవడానికి మనసొప్పక ఆప్షన్‌ను ఉంచుకుంటే 6.5 లక్షలు కట్టాలి. కొనేవాడే దొరకని చోట అనుభవజ్ఞులు ఇంకో దారి పడతారు. అదే నెల ఫ్యూచర్‌ను అదే లాట్‌కు అమ్మేస్తారు. కాల్ వల్ల రావాల్సిన షేర్లు, ఫ్యూచర్ వల్ల ఇవ్వాల్సిన షేర్లు ఒకదానికొకటి చెల్లు. పుట్ చేతిలో ఉంటే ఫ్యూచర్ కొంటారు. ఈ ఉపాయానికి మార్జిన్ కావాలి. ఆప్షన్ ఇన్ ద మనీలోనే ముగుస్తుందన్న భరోసా ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది. స్ట్రైక్ అంచున ఉన్న ఆప్షన్‌కు వాడితే, ఆప్షన్ చచ్చిపోయి ఫ్యూచర్ ఒక్కటే మిగిలి అది వేరే తలనొప్పి తెస్తుంది.

ఆప్షన్ అమ్మినవాడి విషయం కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఇన్ ద మనీ అయిన ప్రతి ఆప్షన్ వెనకా షేర్లు ఇవ్వాల్సినవాడో, తీసుకోవాల్సినవాడో ఒకడుంటాడు. ఆ బాధ్యత ఎవరెవరికి పడాలో క్లియరింగ్ కార్పొరేషన్ లాటరీ పద్ధతిలో పంచుతుంది. షేర్లు చేతిలో లేకుండా కాల్ అమ్మినవాడు కూడా పుట్ కొన్నవాడిలాగే వేలం దాకా వెళ్లవచ్చు.

అమెరికాలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లలో ఆప్షన్లు ఆడేవాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడి పద్ధతి దీనికి దగ్గరగానే ఉంటుంది, రెండు ముఖ్యమైన తేడాలున్నాయి. అక్కడ ఒక కాంట్రాక్టు సాధారణంగా 100 షేర్లు. ఆప్షన్స్ క్లియరింగ్ కార్పొరేషన్ నియమం ప్రకారం ఒక్క సెంటు మేర ఇన్ ద మనీ అయినా ఆప్షన్ దానంతట అదే అమలవుతుంది. 2008కి ముందు ఈ హద్దు 5 సెంట్లుండేది. మొదటి తేడా ఏమిటంటే, అక్కడ కొన్నవాడు వద్దని చెప్పవచ్చు. న్యూయార్క్ సమయం ప్రకారం సాయంత్రం అయిదున్నర లోగా ఆ మాట బ్రోకర్‌కు చేరాలి. బ్రోకర్లు అంతకన్నా ముందు గడువు పెట్టుకునే వీలుంది. రెండో తేడా పుట్‌లో కనిపిస్తుంది. షేర్లు లేకుండా పుట్ అమలైతే వేలం ఉండదు. ఖాతాలో మైనస్ 100 షేర్లు, అంటే షార్ట్ పొజిషన్ వచ్చి కూర్చుంటుంది. సాధారణంగా ఎక్స్‌పైరీ శుక్రవారం. మధ్యలో శని, ఆదివారాలు. సోమవారం మార్కెట్ తెరిచేదాకా ఆ పొజిషన్‌తో ఏమీ చేయలేరు.

వద్దనే ఈ హక్కు అక్కడ ఇంకో ఆశ్చర్యాన్ని కూడా తెస్తుంది. మార్కెట్ నాలుగింటికి మూసేశాక కూడా షేరు ట్రేడ్ అవుతూనే ఉంటుంది. నాలుగింటికి ఔట్ ఆఫ్ ద మనీలో ఉన్న పుట్, అయిదింటికి వచ్చిన ఒక చెడు వార్తతో లాభదాయకం కావచ్చు. దాన్ని కొన్నవాడు అమలు చేయమని అడుగుతాడు. అప్పటికే ఆప్షన్ ముగిసిందని నిశ్చింతగా ఉన్న అమ్మినవాడికి సోమవారం పొద్దున ఖాతాలో షేర్లు కనిపిస్తాయి. మన దగ్గర వద్దనే హక్కూ లేదు, విలువ లేని ఆప్షన్‌ను అమలు చేయించే హక్కూ లేదు కాబట్టి ఈ రకం ఆశ్చర్యం మనకు ఉండదు. మన ఆశ్చర్యమంతా ఆ అరగంట సగటులోనే ఉంది.

కాబట్టి స్టాక్ ఆప్షన్ కొన్నవాళ్లు ఒక పని అలవాటు చేసుకోవాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు ప్రీమియంతో పాటు స్ట్రైక్‌ను లాట్‌తో హెచ్చించి చూసుకోవాలి. ఆ మొత్తం ఖాతాలో ఉందా, పుట్ అయితే ఆ షేర్లు డీమ్యాట్‌లో ఉన్నాయా అని అడగాలి. లేవంటే, ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం మూడింటి లోపు, అంటే సగటు లెక్క మొదలుకాక ముందే, వచ్చిన రేటుకు అమ్మేసి బయటికి రావాలి. స్ప్రెడ్ అయితే రెండు కాళ్లూ కలిపి మూసేయాలి. అయిదు పైసలకు అమ్ముడుపోయినా ఫరవాలేదు, అమ్ముడుపోతే చాలు. ఎందుకంటే మూడున్నర దాటాక ఆ ఆప్షన్ గురించి నిర్ణయం తీసుకునే అధికారం దాన్ని కొన్నవాడికి ఉండదు.